తొమ్మిదేళ్ళ పాపకు గురుగ్రహపు చందమామలను డాబా మీద నుంచి చూపించడం ఎలా?

హనుమకొండ డాబా

మా పాపకు తొమ్మిదేళ్ళు. గ్రహాల పేర్లన్నీ వరసగా అప్పజెబుతుంది. కానీ వాటిలో ఒక్కదాన్నైనా ఆకాశంలో చూపించారా అని ఈ మధ్య నన్నే నిలదీసింది. అందుకని ఒక చిన్న టెలిస్కోపు కొన్నాము. ముందరి కటకం వెడల్పు 50 మి.మీ., నాభ్యంతరం 360 మి.మీ., పెట్టె మీద 90 రెట్లు అని రాసి ఉంది. ఈ సంక్రాంతి సెలవుల్లో నాలుగు రాత్రులు వరసగా ప్రయత్నించాము. రాత్రి ఎనిమిది గంటలకు ఆగ్నేయ దిక్కున బాగా వెలిగే చుక్కను గురుగ్రహంగా భావించి దానికే గురి పెట్టాము. ఎరుపు, నీలం, ఆకుపచ్చగా రంగులు మారుస్తూ వణికే ఒక చుక్క కనిపించింది, అదీ నిమిషం తిరగకముందే జారిపోయింది. నాలుగు చందమామలు కనిపిస్తాయని పాప పుస్తకంలో ఉన్నది. లోపం టెలిస్కోపుదా, మాదా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కాజీపేట జంక్షన్

మినుకుమినుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. మీరు చూసినది నక్షత్రమే, సందేహం అక్కరలేదు. అయినా 50 మి.మీ. పరికరం బొమ్మలాంటిది, గురుగ్రహపు చందమామలకు కనీసం ఐదంగుళాలది కావాలి. హనుమకొండ వీధి దీపాల వెలుగులో అవి ఎలాగూ కనిపించవు కనుక లక్నవరం వైపు చీకటి ఉన్న చోటికి వెళ్ళి చూడండి.

పిట్టగోడ

నేను కరీంనగర్‌లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. కాజీపేట వారు చెప్పిన మొదటి మాట చాలావరకు సరైనదే. అయితే దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు గ్రహం కూడా వణుకుతుంది, కాబట్టి ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడకూడదు. రెండవ మాటతో మాత్రం నేను ఏకీభవించను. గురుడి నాలుగు పెద్ద చందమామలు తమంతట తాము మసకగా ఉండవు, పక్కనే ఉన్న గురుడి మెరుపు వాటిని కప్పేస్తుంది, అంతే. వీధి దీపాలు ఉన్న డాబా మీద నుంచి కూడా 10×50 బైనాక్యులర్‌తో వాటిని చూడవచ్చు. అయితే పరికరం కదలకూడదు.

డాబా వారు చూసినది సిరియస్ అనే నక్షత్రం అయి ఉంటుంది. ఈ 2026 జనవరి మధ్యలో రాత్రి ఎనిమిది గంటలకు మన ప్రాంతంలో మూడు చుక్కలు వరసగా ఉండే గొల్లకావడి తూర్పు వైపున సగం ఆకాశం ఎక్కి ఉంటుంది. దానికి కుడి పక్కగా కింద, ఆగ్నేయంలో మెరిసేది సిరియస్. ఎడమ పక్కగా కింద, తూర్పున, దిగంతానికి సుమారు 30 డిగ్రీల ఎత్తులో లేత పసుపుగా నిలకడగా వెలిగేది గురుడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు పది డిగ్రీలు ఉంటుంది. దిగంతం నుంచి మూడు పిడికిళ్ళు లెక్కపెట్టమని పాపకే చెప్పండి, పిల్లల చేయి పొట్టిదైనా పిడికిలీ చిన్నదే కాబట్టి లెక్క పెద్దగా తప్పదు.

ఇక మీ టెలిస్కోపు. దానికి కంటి వైపు బిగించే కటకాలు, అంటే 20 మి.మీ. ఐపీస్ ఒకటి, 6 మి.మీ. ఐపీస్ ఒకటి, బొమ్మను నిటారుగా చూపే ఒక గొట్టం వచ్చి ఉంటాయి. నాభ్యంతరం 360ని ఐపీస్ 6తో భాగిస్తే 60 రెట్లు, ఆ గొట్టం దానిని ఒకటిన్నర రెట్లు చేస్తుంది కనుక పెట్టె మీద 90 అని వేశారు. మీరు మొదటే ఆ రెండింటినీ కలిపి బిగించారని నా ఊహ. గొట్టాన్ని తీసి పక్కన పెట్టండి. 20 మి.మీ. ఐపీస్‌తో 18 రెట్లు మాత్రమే వస్తుంది, చందమామలకు అది చాలు. భూమి తిరుగుడు వల్ల ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ జరుగుతుంది. 90 రెట్ల దగ్గర కనిపించే వలయం అర డిగ్రీ కూడా ఉండదు, అందుకే చుక్క అంత తొందరగా జారిపోయింది. 18 రెట్లతో ఎనిమిది నిమిషాల పైనే నిలుస్తుంది. పైన ఉన్న గురిచూపు గొట్టాన్ని పగలు, సూర్యుడికి ఎదురు దిక్కున, దూరపు సెల్ టవర్ కొనకు పెట్టి సరిచేసుకోండి. పెట్టెలో ఐపీస్‌కు బిగించే నల్ల అద్దం, సూర్యుడిని చూసేందుకు అని ఇచ్చి ఉంటే దానిని పారేయండి. సూర్యుడి వేడి అంతా ఒక్కచోట చేరే స్థానంలో ఆ అద్దం ఉంటుంది. చూస్తుండగానే అది పగలవచ్చు, పగిలితే కన్ను పోతుంది.

పరకాల పంచాంగం

ప్రస్తుతం గురుడు మిథునంలో, పునర్వసు నక్షత్రంలో వక్రించి ఉన్నాడు. పాపది ఏ నక్షత్రమో తెలిపితే ఈ సమయంలో గురుదర్శనం ఆమె చదువుకు ఎలా ఉంటుందో చూసి చెప్పగలను.

పిట్టగోడ

అయ్యా, వారు అడిగినది ఆ విషయం కాదు. అయినా మీ మాటలో వారికి పనికివచ్చే గుర్తు ఒకటి ఉన్నది. పునర్వసు అంటే ఆకాశంలో పక్కపక్కన కనిపించే రెండు ప్రకాశవంతమైన చుక్కలు, పాశ్చాత్యులు కాస్టర్, పోలక్స్ అని పిలిచేవి. ఇప్పుడు గురుడు నిజంగానే ఆ జంటకు దగ్గరగా ఉన్నాడు. వక్రించడం అంటే ఆ చుక్కల నడుమ రోజురోజుకూ కొద్దిగా పడమరకు జరుగుతూ కనిపించడం. జనవరి 10న భూమి సూర్యుడికీ గురుడికీ మధ్యకు వచ్చింది కనుక ఈ రోజుల్లో అలా జరుగుతున్నది.

హనుమకొండ డాబా

సార్, మీ ఊహ అక్షరాలా నిజం, రెండూ కలిపే బిగించాము. నిన్న రాత్రి 20 మి.మీ. ఐపీస్‌తో చూశాము. చిన్న పసుపు బిళ్ళ, దాని వరసలో మూడు చుక్కలు. పాప ఎగిరి గంతేసింది. అయితే పుస్తకంలో అవి ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఉన్నాయి, పాప గీసిన బొమ్మలో పై నుంచి కిందికి నిలువుగా ఉన్నాయి. ఫోనులోని ఆకాశపటం కూడా అడ్డంగానే చూపింది. తప్పు గీశానని పాప చెరిపేయబోతే ఆపాను. ఇంకొక సందేహం, నాలుగవది ఎక్కడికి పోయింది?

పిట్టగోడ

చెరపనివ్వకండి, పాప చూసినది చూసినట్లు గీసింది. ఆ చందమామలు గురుడి నడుము పక్కనే, ఇంచుమించు గ్రహాలన్నీ నడిచే దారి వెంటే బారులు తీరుతాయి. మన వరంగల్ అక్షాంశం సుమారు 18 డిగ్రీలు కనుక ఆ దారి తూర్పు దిగంతం నుంచి దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది. గురుడు ఉదయించి పైకి వస్తున్నంతసేపూ బారు నిలువుగానే ఉంటుంది, నడినెత్తికి వచ్చాక అడ్డంగా మారుతుంది. ఉత్తర దేశాల కోసం రాసిన పుస్తకాలు మన డాబాకు సరిపోవు. మీ టెలిస్కోపు బొమ్మను తిప్పి చూపుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. అందుకే పాపను ఎడమ, కుడి అని కాకుండా ‘ఐపీస్‌లో పైన’, ‘ఐపీస్‌లో కింద’ అని రాయమనండి. నాలుగవది గురుడి ముందో, వెనకో, నీడలోనో ఉంటుంది, లేదా మరీ దగ్గరగా ఉండి మెరుపులో కలిసిపోతుంది.

మా మనవడితో చేయించిన పని ఒకటి చెబుతాను. ప్రతి రాత్రి ఎనిమిదిన్నరకు, ఆ సమయం తప్పకుండా, నోటుబుక్కులో ఒక్క గీత గీసి నడుమ చిన్న సున్న చుట్టేవాడు. చుక్క ఎంత దూరంలో ఉన్నదో గురుడి వెడల్పుతో కొలిచి పెట్టేవాడు. ఒక ఆదివారం ఒక చుక్క బాగా పైన, గురుడి వెడల్పుకు సుమారు ఏడున్నర రెట్ల దూరంలో ఉన్నది. సోమవారం అది ఐదు రెట్లకు దిగింది. మంగళవారం గురుడి కిందికి దాటి ఒకటిన్నర రెట్ల దూరంలో నిలిచింది. బుధ, గురువారాల్లో ఏడు రెట్లకు అటూ ఇటూగా కింద ఉండిపోయింది. శుక్రవారం మళ్ళీ దగ్గరైంది. శనివారం పొగమంచు పట్టి ఏమీ కనిపించలేదు. మరుసటి ఆదివారం మొదటి చోటులోనే కనిపించింది. ఇది ఏడు రోజులకు ఒక చుట్టు చుట్టింది తాతా అని వాడే అన్నాడు. అది గానిమీడ్, దాని అసలు కాలం 7 రోజుల మూడున్నర గంటలకు పైచిలుకు. 1610 జనవరిలో గెలీలియో చేసినది కూడా ఇంతే, రాత్రి తరువాత రాత్రి గీసుకోవడం.

గీయడంలో ఒక చిక్కు ఉన్నది. మెరుపు వల్ల గురుడు అసలు కన్నా పెద్దగా కనిపిస్తాడు కనుక దూరాలు తక్కువగా వస్తాయి. మావాడి మొదటి పుటలన్నీ అలాగే ఉండేవి, రెండవ వారానికి చేయి కుదిరింది. ఆ నాలుగింటిలో అన్నింటికన్నా లోపల తిరిగే అయోను పిల్లలు పట్టుకోవడం కష్టం. అది గురుడికి మూడు వెడల్పులు దాటి పోదు, ఒక్క రోజులో సగం చుట్టుకన్నా ఎక్కువ తిరుగుతుంది. కాబట్టి నిన్న పైన ఉన్నదే ఇవాళ కిందికి వచ్చిందని పోల్చుకోలేరు.

రామగుండం క్వార్టర్స్

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. నేను 10×50 బైనాక్యులర్ కొన్నాను, వాడు ఒక్క రోజు చూసి నల్లగా ఉన్నదని వదిలేశాడు. పిల్లల కళ్ళ మధ్య దూరం తక్కువని, బైనాక్యులర్ అంత దగ్గరికి ముడుచుకోదని నాకు తరువాత తెలిసింది. ఒక్క గొట్టంతో, ఒక్క కన్నుతో చూడమన్నాక కనిపించింది. ఇంకొక ఇబ్బంది బరువు, అది కిలోకు దగ్గరగా ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీని వెనక్కు తిప్పి దాని వీపు మీద మడిచిన దుప్పటి వేసి, దాని మీద బైనాక్యులర్ ఆనిస్తే చుక్కల వణుకు ఆగింది. శనిగ్రహపు వలయాలు మాత్రం దానితో కనిపించలేదు, వాడు చాలా నిరాశపడ్డాడు.

కాజీపేట జంక్షన్

సరే, ఐదంగుళాల మాట వెనక్కు తీసుకుంటున్నాను. కానీ ఇంత గీయించడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఏ చుక్క ఏదో ఫోను క్షణంలో చెబుతుంది కదా. పిల్లలు రెండు రోజుల్లో విసుగెత్తి మానేస్తారు.

పిట్టగోడ

ఫోను చూడవద్దని నేను అనను, గీసిన తరువాత చూడమంటాను. ముందే చూస్తే పిల్లలు కనిపించనిది కూడా గీస్తారు, నాకు అది అనుభవమే. రామగుండం వారికి శని గురించి ఒక మాట. వలయాలకు కనీసం పాతిక రెట్లు కావాలి. పైగా 2025 మార్చిలో వలయాలు మనకు అంచుగా వచ్చాయి, ఇప్పటికీ సన్నని గీతలాగానే ఉన్నాయి. ఈ ఏడాది పిల్లలకు వలయాల ఆశ పెట్టకండి.

హనుమకొండ డాబా

ఆరు రాత్రులు పూర్తయ్యాయి, ఒక రాత్రి మబ్బు. ఎనిమిదిన్నరకు టెలిస్కోపును పిట్టగోడ మీదే పెడుతున్నాము, దాని కాళ్ళు మాత్రం గాలికే ఊగుతున్నాయి. నిన్న పాప ఐదు చుక్కలు గీసింది. నాలుగు ఒక బారులో ఉన్నాయి, ఐదవది కొంచెం పక్కకు. కొత్త చందమామ కనిపెట్టానని ఇంటిల్లిపాదికీ చెప్పింది.

పిట్టగోడ

బారు తప్పి ఉంటే అది వెనక ఉన్న నక్షత్రం అయ్యే అవకాశమే ఎక్కువ. పాపకు ఇప్పుడే చెప్పకండి. నక్షత్రమైతే గురుడితో పాటు రాదు, రోజులు గడిచేకొద్దీ దూరమవుతుంది. మూడు రాత్రులు ఆ చుక్కను కూడా గీయనివ్వండి. ఊగే కాళ్ళకు, మూడింటి నడుమ నీళ్ళ సీసా వేలాడదీస్తే మా ఇంట్లో కొంత తగ్గింది. మీ దానికి ఎంతవరకు పనిచేస్తుందో చూసి రాయండి.