స్పానిష్ కవర్ లెటర్‌లో 'ఓస్' అనాలా, 'లెస్' అనాలా?

నమస్తే అండీ. మాడ్రిడ్‌లోని ఒక కంపెనీలో బ్యాకెండ్ ఇంజినీర్ ఉద్యోగానికి స్పానిష్‌లో కవర్ లెటర్ రాశాను. 'అప్లికార్ అల్ ప్వెస్తో' అంటే ఇంగ్లిష్ వాసన కొడుతోందని మా టీచర్ గారు కొట్టేసి, 'ప్రెసెంతార్ మి కాందిదతూరా' అని దిద్దారు. 'ఎస్తిమాదో ఎకీపో' తర్వాత కామా తీయించి కోలన్ పెట్టించారు.

ఇక మిగిలింది మర్యాద సంగతి. ఉద్యోగ ప్రకటన అంతా 'తూ' అనే చనువుతోనే ఉంది. నేనేమో 'లెస్ ఎస్క్రీబో' అని 'మీరు' అన్నట్టు మొదలుపెట్టి, చివరి పేరాలో తెలియకుండానే 'ఓస్' వాడేశాను. ఇప్పుడు ఉత్తరం రెండు గొంతులతో మాట్లాడుతున్నట్టుంది.

స్పెయిన్‌లో పనిచేస్తున్నవాళ్లు చెప్పండి, మొత్తం 'ఓస్'లోకి మారిస్తే చనువు ఎక్కువైనట్టు అనిపిస్తుందా? మారిస్తే చివర 'అతెంతమెంతె' ఉంచొచ్చా, 'ఉన్ సలూదో' అనాలా? శుక్రవారంలోగా పంపాలి, చాలా టెన్షన్‌గా ఉంది.