డాలర్-యెన్ ఫార్వర్డ్ రేటు: లాభం కనిపిస్తున్నా తేడా ఎందుకు పోదు?

కవర్డ్ ఇంటరెస్ట్ పారిటీ చదువుతున్నాను. ఒక చోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

లెక్క కోసం స్పాట్ రేటు డాలరుకు 150 యెన్‌లు, ఏడాది వడ్డీ డాలరుకు 5%, యెన్‌కు 0.5% అనుకున్నాను. అప్పుడు ఏడాది ఫార్వర్డ్ రేటు:

```
F = 150 × 1.005 / 1.05 = 143.57
```

వడ్డీ తక్కువున్న యెన్ ఫార్వర్డ్‌లో ఖరీదవుతుంది. ఇంతవరకు అర్థమైంది.

ఇప్పుడు మార్కెట్లో ఫార్వర్డ్ 143.00 ఉందనుకుందాం. 1,000 డాలర్లు అప్పు తెచ్చి యెన్‌లలోకి మార్చి డిపాజిట్ చేస్తే ఏడాదికి 1,50,750 యెన్‌లు వస్తాయి. వాటిని ముందే 143కి అమ్మేసి ఉంటాం కాబట్టి చేతికొచ్చేది 1,054.20 డాలర్లు. అప్పు తీర్చడానికి 1,050 చాలు. మారకపు రేటు రిస్కే లేకుండా 4.20 డాలర్లు మిగిలాయి!

పుస్తకం ప్రకారం ఈ తేడా వెంటనే మాయమవ్వాలి. కానీ 2008 సంక్షోభం తర్వాత డాలర్-యెన్‌లో ఇలాంటి తేడా ఏళ్ల తరబడి నిలిచింది. క్రాస్ కరెన్సీ బేసిస్ అనేది ఈ 0.42 శాతమేనా? దానికి మైనస్ గుర్తు ఎందుకు పెడతారు? బ్యాంకులను ఆపేది బ్యాలెన్స్ షీట్ పరిమితులా, లేక నేను తీసుకున్న వడ్డీకి ఎవరూ డాలర్లు అప్పివ్వకపోవడమా? ముఖ్యంగా ఈ చివరిది వివరంగా చెప్పగలరా?