ప్రపోజల్ లక్ష్యాల పేరాలో, అంటే ఎయిమ్స్‌లో, రియాక్షన్ రేటు రాయాలా, బారియర్ తేడా రాయాలా?

తిరుపతి స్కాలర్ (ప్రశ్న): వేరుశెనగ నూనె ముక్కిపోకుండా ఆపే ఫినాల్స్ మీద ప్రపోజల్. పెరాక్సిల్ రాడికల్ ఫినాల్ నుంచి హైడ్రోజన్ లాక్కోవడానికి దాటాల్సిన శక్తి అడ్డంకిని, అంటే బారియర్‌ను, B3LYP అనే క్వాంటం లెక్కల ఫంక్షనల్‌తో లెక్కించి, "రేట్లను కచ్చితంగా అంచనా వేస్తాం" అని రాశాను. గైడ్ గారు బాగుందన్నారు, సీనియర్ కొట్టేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బెంచ్ కెమిస్ట్: నేను నూనెను వేడిలో పెట్టి పెరాక్సైడ్ విలువ చూస్తుంటాను. డబ్బా మూత సరిగా పడకపోతేనే ఫలితం మారిపోతుంది. మీ లెక్కలో గాలి, వెలుతురు ఎక్కడ?

చిత్తూరు లెక్చరర్: ఆయన అడిగింది నూనె డబ్బా గురించి కాదండీ, ఒక్క రియాక్షన్ మెట్టు గురించి. "కచ్చితంగా" తీసేసి, మెథాక్సీ ఉన్న ఫినాల్‌కీ లేనిదానికీ బారియర్ తేడా అని రాయండి. తేడాలో తప్పులు రద్దవుతాయి, B3LYP చాలు.

కంప్యూటేషనల్ అక్క: సగం నిజం సార్. H + H2 చూడండి: అసలు బారియర్ మోల్‌కు 9.6 కిలోకేలరీలు, B3LYP నాలుగు చిల్లర చెప్తుంది. గది ఉష్ణోగ్రతలో 1.36 తప్పితేనే రేటు పది రెట్లు మారుతుంది, అంటే ఇక్కడ వేల రెట్ల తప్పు. బారియర్ శిఖరం మీది ఆకృతిలో, అంటే ట్రాన్సిషన్ స్టేట్‌లో, జంటలేని ఎలక్ట్రాన్ సగం అటు, సగం ఇటు ఉంటుంది. అది తనను తానే వికర్షిస్తున్నట్టు లెక్కలోకి రావడంతో ఫంక్షనల్ దాన్ని మరీ పరిచేసి, శక్తిని కిందికి దించుతుంది. రెండు ఫినాల్స్‌లోనూ O–H ఒకేలా సాగితేనే ఆ తప్పు రద్దవుతుంది. మెథాక్సీ ఉంటే బంధం బలహీనం, ట్రాన్సిషన్ స్టేట్ ముందే వస్తుంది, సాగడం తక్కువ. ఆ పొడవులు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

తమ్ముడూ, పేరా ఇలా మొదలుపెట్టు: "పారా స్థానంలో మెథాక్సీ చేరితే బారియర్ ఎంత తగ్గుతుందో M06-2X ఫంక్షనల్‌తో లెక్కిస్తాం. రెండు అణువులకు అవే ఆకృతులపై మరింత నమ్మదగిన DLPNO-CCSD(T) పద్ధతితో సరిచూస్తాం. రెండు పద్ధతుల తేడాలు ఒక కిలోకేలరీకి మించి విడిపోతే వరుస క్రమం ప్రకటించం." ప్రతి ట్రాన్సిషన్ స్టేట్‌లో ఒకే ఒక్క ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ ఉండాలని, అది హైడ్రోజన్ కదలికేనని మెథడ్స్‌లో రాయి. ఎయిమ్స్‌లో వద్దు.

తిరుపతి స్కాలర్: మరి సిగ్నిఫికెన్స్‌లో రైతుల మాట ఉంచనా అక్కా? గైడ్ గారికి అదే ముఖ్యం.

కంప్యూటేషనల్ అక్క: ఒక్క వాక్యం ఉంచు: ఏ ఫినాల్‌ను ముందు నూనెలో పరీక్షించాలో ఈ వరుస చెప్తుంది. నిల్వకాలం పెంచుతాం అనకు, అది లెక్కలో లేదు.

చిత్తూరు లెక్చరర్: అలా అయితే నిధులిచ్చేవాళ్లు ఎందుకు చదువుతారమ్మా? పైగా హైడ్రోజన్ బారియర్ ఎక్కకుండానే అందులోంచి దూరిపోయే టన్నెలింగ్ సంగతేంటి? అది బారియర్ వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది, తేడాలో రద్దవుతుందని మీరూ చెప్పలేరు.

కంప్యూటేషనల్ అక్క: చెప్పలేను సార్. టన్నెలింగ్‌కు మామూలుగా వేసే విగ్నర్ సవరణ ఇక్కడ సరిపోదనే నా అనుమానం. రెండు అణువులకూ బారియర్ ఆకారం మొత్తం గీసి చూస్తే తప్ప తేలదు.