సీజన్‌లో గది రేటు రెండింతలు చేస్తే తప్పా?

వలిసెపూల ఇల్లు: అరకు దగ్గర మేముంటున్న ఇంట్లోనే మూడు గదులు హోమ్‌స్టేకి ఇస్తున్నాం. మామూలు రోజుల్లో 1,800. పోయిన డిసెంబరు నుంచి సంక్రాంతి వరకు శుక్ర, శని రాత్రులకు 4,500 పెట్టాం. ఒక్క గదీ ఖాళీ లేదు. కానీ ఆ నెలన్నరలో వచ్చిన రివ్యూలతో స్కోరు 9.1 నుంచి 8.3కి పడిపోయింది. ఈసారి 5,000 చేద్దామని మా ఆయన పట్టు. నాకు భయంగా ఉంది. అంత పెంచడం న్యాయమేనా? ఎంతవరకు పెంచొచ్చు?

కాఫీతోట: చెల్లెమ్మా, భయమెందుకు? నాది అనంతగిరి వైపు, రెండు గదులు. మనకు డబ్బు కనిపించేది కార్తీకం నుంచి సంక్రాంతి వరకే. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడిందని టీవీలో వచ్చిందంటే చాలు, వచ్చే వాళ్లు కూడా క్యాన్సిల్ చేసుకుంటారు. ఆ నెలల కరెంటు బిల్లు, పనిమనిషి జీతం డిసెంబరే కట్టాలి. 5,000 పెట్టండి. వానల్లో 1,000కి దించేయండి, గది ఊరికే ఉండేకన్నా నయం.

ఫ్రంటాఫీసు: విశాఖలో హోటల్ డెస్క్ మీద 14 ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు నలుగురైదుగురి లిస్టింగులు చూసిపెడుతున్నాను. పెంచడం తప్పేమీ కాదండి. అయితే ఎంత అనేది చెప్పాలంటే ఒకటి తెలియాలి. తక్కువ మార్కులు వేసిన వాళ్లు సరిగ్గా ఏం రాశారు? రేటు ఎక్కువని రాశారా, ఇంకేదైనానా?

వలిసెపూల ఇల్లు: ఏడు రివ్యూలు తక్కువవి వచ్చాయి సార్. ఐదింటిలో వేడినీళ్ల మాటే. "4,500 తీసుకుని పొద్దున్నే వేడినీళ్లకు గంటసేపు కూర్చోబెట్టారు" అని ఒకరు రాశారు. అవే గదులు, అవే గీజర్లు, నవంబరు వరకు ఎవరూ ఏమీ అనలేదు.

ఫ్రంటాఫీసు: గీజర్లు 15 లీటర్లవేనా? అయితే లెక్క చూడండి. డిసెంబరులో మీ కుళాయి నీళ్లు 12 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయనుకుందాం. 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగడానికి 2 కిలోవాట్ల గీజరుకి 25 నిమిషాలు పడుతుంది. చన్నీళ్లు కలిపితే స్నానానికి వచ్చేది 25 లీటర్ల పైచిలుకు, అంటే బకెట్టున్నర. నలుగురున్న కుటుంబంలో నాలుగో మనిషి వంతు వచ్చేసరికి గంట దాటిపోతుంది. ఇక మూడు గదుల్లో ఒకేసారి స్విచ్ వేస్తే 6 కిలోవాట్లు. వోల్టేజీ పడిపోతే ఇంకా ఆలస్యం, లేదంటే ఎంసీబీ ట్రిప్పవుతుంది. నవంబరు మొదట్లో వచ్చిన ఇద్దరు భార్యాభర్తలకు ఇది తెలియనే తెలియదు. డిసెంబరులో నలుగురు దిగి, అందరూ ఆరింటికే మబ్బులు చూడడానికి తయారవ్వాలి. చలి పెరిగిన రోజే, గది నిండిన రోజే, రేటు పెరిగిన రోజే మీ ఇంట్లో బలహీనమైన వస్తువు బయటపడుతుంది. అందుకే నా మాట: గదుల్లో నలుగురికీ వేడినీళ్లు అందేదాకా 3,000 దాటొద్దు.

బెజవాడ ప్రయాణి: అతిథి వైపు నుంచి చెప్తాను. మేం ఏటా డిసెంబరులో లంబసింగి, అరకు తిరుగుతాం. సీజన్ రేటు ఇవ్వడానికి మాకు బాధ లేదు, అందరికీ తెలిసిందే. కానీ బుక్ చేసే ముందు క్యాలెండర్‌లో వేరే తేదీలు నొక్కి చూస్తాం కదా, అదే గది ఆగస్టులో 1,000 అని కనపడితే మనసులో ఆ గది విలువ 1,000 అయిపోతుంది. తర్వాత 5,000 కట్టి దిగినవాడికి తలుపు గొళ్లెం బిగుతుగా ఉన్నా కోపమే వస్తుంది. కాఫీతోట గారు చెప్పినట్టు కింద అంత దించితే పైన అంత పెంచలేరు.

కోనసీమ అబ్బాయి: మా వైపు సంక్రాంతి మూడు రోజులకు కోడిపందేల కోసం వచ్చేవాళ్లు నాలుగింతలైనా ఇస్తారు, భీమవరంలో ఆ వారం లాడ్జి గది దొరకడమే గగనం. మా మామయ్య రెండు గదులిస్తాడు, ఒక్క చెడ్డ రివ్యూ లేదు. అన్నీ ఫోన్ మీదే, తెలిసినవాళ్లే. మీరు కూడా ఆన్‌లైన్ మానేసి ఫోన్ మీద ఇవ్వండి, లేదంటే చెడ్డ రివ్యూ రాసినవాళ్లకు ఓ 500 వెనక్కిచ్చి తీయించేయండి.

ఫ్రంటాఫీసు: తమ్ముడూ, మీ మామయ్య దగ్గరకు వచ్చేది బంధువులూ పాత స్నేహితులూ. అరకు వచ్చేవాళ్లు మొదటిసారి వస్తారు, రివ్యూ చూసే వస్తారు. డబ్బిచ్చి రివ్యూ తీయించడం సైట్ల నియమాలకు విరుద్ధం, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెడితే లిస్టింగే పోవచ్చు.

అమ్మా, డబ్బు లెక్క కూడా చెప్తాను. ఆ నెలన్నరలో శుక్ర, శని రాత్రులు 13 వేసుకుందాం. మూడు గదులకు 39. రేటు 3,000 బదులు 4,500 పెడితే 58,500 అదనం, 18 శాతం కమిషన్ పోగా చేతికి 48,000. ఇప్పుడు మిగతా 45 వారాలు చూడండి. 1,800 గదికి కమిషన్ 324, టిఫిను, ఉతుకుడు, కరెంటు కలిపి ఓ 450 పోతే మిగిలేది 1,000 పైన. స్కోరు పడి వారానికి ఒక్క గది ఒక్క రాత్రి పోయినా ఏడాదికి 46,000. డిసెంబరు అదనమంతా దానికే సరి. కాఫీతోట గారి 1,000 రేటుకైతే కమిషన్, ఖర్చులు పోను 370 మిగులుతుంది. నష్టం కాదు కానీ, దానికోసం పైన చెప్పిన క్యాలెండర్ తలనొప్పి తెచ్చుకోనక్కర్లేదు. నేనైతే 1,500 దగ్గర ఆపుతాను.

కాఫీతోట: కమిషన్ సంగతి ఒప్పుకుంటాను, నేను లెక్కలో వేయలేదు. కానీ ఆ "వారానికి ఒక్క గది" స్కోరు వల్లే పోయిందని ఎలా అంటారు? ఎండలకి పోవచ్చు, పరీక్షలకి పోవచ్చు.

ఫ్రంటాఫీసు: న్యాయమైన ప్రశ్న. లిస్టింగు లాగిన్‌లో ఎంతమంది పేజీ చూశారు, ఎంతమంది బుక్ చేశారు అని రెండూ ఉంటాయి. ఫిబ్రవరిని అంతకుముందు ఫిబ్రవరితో పోల్చండి. చూసినవాళ్లే తగ్గితే రద్దీ తగ్గిందనో, వెతుకులాటలో మీ పేరు కిందికి పోయిందనో అనుకోవచ్చు. చూసినవాళ్లు అంతే ఉండి బుకింగులు తగ్గాయంటే, పేజీ తెరిచాక ఏదో చూసి వెళ్లిపోతున్నారు.

వలిసెపూల ఇల్లు: ఇప్పుడే చూశాను సార్. చూసినవాళ్లు దాదాపు అంతే, బుకింగులు 31 నుంచి 22. కానీ జనవరి చివర్లో మా పక్కనే కొత్త కాటేజీలు తెరిచారు, అవి కూడా 1,800కే. స్కోరా, పక్కవాళ్లా అనేది ఇందులో తేలట్లేదు. రివ్యూలకు నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు, అదీ ఒకటి.

ఫ్రంటాఫీసు: ఇప్పుడైనా రాయండి, వాదన లేకుండా రెండు వాక్యాలు. "మీరు చెప్పింది నిజం, మా గీజరు నలుగురికి చాలలేదు. అక్టోబరులో మూడు గదులకూ కలిపి కట్టెల బాయిలర్ పెట్టించాం, పొద్దున 5 నుంచి 9 వరకు వేడినీళ్లు ఉంటాయి." ఇది ఆ కోపగించినాయన కోసం కాదు, రేపు చదివేవాళ్ల కోసం. పని చేయించాకే రాయండి, ముందు రాయొద్దు.

వలిసెపూల ఇల్లు: మా ఇంటి వెనక కాగు పెట్టే పొయ్యి ఎలాగూ ఉంది, దానిపక్కనే బాయిలర్ పెట్టించొచ్చు. అది పనిచేసినన్నాళ్లు 3,500, లేదంటే 3,000 అని ఈ రాత్రి మా ఆయనతో మాట్లాడతాను. ఆయన ఒప్పుకుంటారో లేదో చెప్పలేను.

కాఫీతోట: నేను మాత్రం డిసెంబరుకి 5,000 పెడుతున్నాను. మా గీజర్లు 25 లీటర్లవి. ఏప్రిల్‌లో నా బుకింగుల లెక్క ఇక్కడే పెడతాను, మీరూ పెట్టండి.