కుండలీకరణంలో ఉన్న ఊరి పేరు విడిగా తీయడం ఎలా?

పలుకుబడి: మన మాండలిక పదాల జాబితా ఎక్సెల్‌లో 640 వరుసలకు చేరింది. A గడిలో పదం, పక్కనే కుండలీకరణంలో ప్రాంతం ఉన్నాయి: ఉల్లిగడ్డ (తెలంగాణ). ఆ ప్రాంతం ఒక్కటే B లోకి రావాలి. ఒక్కో పదం కాపీ చేస్తూ రెండు సాయంత్రాలు కూర్చున్నాను, వంద కూడా పూర్తి కాలేదు. దారి చెప్పండి.

గోదారి గట్టు: కుండలీకరణం అన్న మాట ఎంత బాగుందండీ! మాకు బడిలో లెక్కల మాస్టారు అలాగే చెప్పేవారు. కుండలి అంటే చుట్ట చుట్టుకున్నది కదా. ఇప్పుడు పిల్లలు బ్రాకెట్ అనే అంటున్నారు. మీరు ఏ మాట ఉంచాలని అడుగుతున్నారు?

పలుకుబడి: మాట గురించి కాదండీ, దాని లోపలున్నది బయటికి తీయడం గురించి. మాట మీద వేరే చర్చ తప్పకుండా పెడదాం.

అక్షరమాల: MID వాడండి. ఎన్నో అక్షరం నుంచి, ఎన్ని అక్షరాలు కావాలో చెబితే అది తీసి ఇస్తుంది. ఉల్లిగడ్డ నాలుగు, ఖాళీ ఒకటి, కుండలీకరణం ఒకటి. అంటే ఏడో చోటు నుంచి, తెలంగాణకు నాలుగు.

```
=MID(A2,7,4)
```

పలుకుబడి: "డ్డ" వచ్చింది, దాని వెనక ఓ ఖాళీ.

పాత పలక: MID సరైనదే, లెక్క దగ్గరే తేడా వచ్చింది. మనం "ల్లి"ని ఒక అక్షరంగా చదువుతాం. ఎక్సెల్‌కు అది ల, పొల్లు, ల, గుడి, మొత్తం నాలుగు. అలా చూస్తే ఉల్లిగడ్డ తొమ్మిది, ఖాళీ పదోది, కుండలీకరణం పదకొండోది. పైగా ప్రతి వరుసలో పదం పొడవు మారుతుంది కాబట్టి వేళ్ల మీద లెక్క పనికిరాదు. చోటు వెతికే పని SEARCHకి ఇవ్వండి. MID, SEARCH రెండూ ఒకేలా లెక్కపెడతాయి, అందుకే తెలుగులోనూ తేడా రాదు.

```
=MID(A2,SEARCH("(",A2)+1,SEARCH(")",A2)-SEARCH("(",A2)-1)
```

మీ వరుసలో తెరిచేది 11, మూసేది 19. 12వ చోటు నుంచి మొదలుపెట్టి, 19 లోంచి 11, మరో 1 తీసేస్తే 7. త, ఎత్వం, ల, సున్న, గ, దీర్ఘం, ణ: సరిగ్గా ఏడు. చివరి ఆ 1 తీయడం మర్చిపోతే మూసే కుండలీకరణం కూడా వెంట వస్తుంది.

పలుకుబడి: వచ్చింది మాస్టారూ! కిందికి లాగితే చాలావరకు నిండాయి. కానీ కొన్నిచోట్ల #VALUE! అంటోంది. ఉదాహరణకు: 1) సొరకాయ (కర్నూలు). ఇందులో కుండలీకరణం ఉందిగా?

పాత పలక: అంకె పక్కనున్నది చూడండి. మూసే గుర్తు కోసం వెతికితే ముందు అదే దొరుకుతుంది, రెండో చోట. తెరిచేది పదకొండో చోట ఉంది. 2 లోంచి 11, మరో 1 తీస్తే మైనస్ 10. మైనస్ పది అక్షరాలు తీయమంటే MID ఏం చేస్తుంది? మూసేదాన్ని తెరిచిన చోటు తర్వాతే వెతకమని చెప్పాలి. SEARCHలో మూడో విలువ అందుకే ఉంది.

```
=TRIM(MID(A2,SEARCH("(",A2)+1,SEARCH(")",A2,SEARCH("(",A2))-SEARCH("(",A2)-1))
```

TRIM కూడా కలిపాను. కొందరు ( కడప ) అని లోపల ఖాళీ వదిలారు. అది తీసేయకపోతే కడప రెండు వేర్వేరు ఊళ్లుగా లెక్కకొస్తుంది.

అక్షరమాల: నా లెక్క ఎక్కడ తప్పిందో అర్థమైంది, థ్యాంక్స్ అండీ. ఇంకా #VALUE! వచ్చేవాటికి IFERROR పెట్టి ఖాళీగా చూపిస్తే సరిపోదా?

పాత పలక: ఇప్పుడే వద్దు. మిగిలినవి కుండలీకరణం అసలు లేనివో, మూయడం మర్చిపోయినవో. అవి కనబడాలి, అప్పుడే దిద్దగలం. దాచేస్తే ఆ పదాలు ప్రాంతం లేకుండానే ఉండిపోతాయి.

సామెతల మూట: నాదీ ఇలాంటిదే. సామెతను రెండు చుక్క గుర్తుల మధ్య రాసుకున్నాను, *ఇలా*. SEARCH ఎప్పుడూ 1 అనే చెబుతోంది. టెన్షన్ వచ్చేస్తోంది.

పాత పలక: SEARCHకి ఆ గుర్తు అంటే "ఏదైనా సరే" అని అర్థం, అందుకే మొదటి చోటే చూపిస్తుంది. ముందు ~ పెట్టి "~*" అని రాయమ్మా. ఇంకోటి, రెండువైపులా ఒకే గుర్తు కాబట్టి రెండోదాన్ని మొదటిదాని తర్వాతి చోటు నుంచి వెతకాలి.

```
=SEARCH("~*",A2,SEARCH("~*",A2)+1)
```

ఇది రెండో గుర్తు చోటు చెబుతుంది. పై సూత్రంలో మూసేదాని బదులు దీన్ని పెట్టు. ముందున్న "(" స్థానంలోనూ "~*" మార్చు.

పలుకుబడి: మూయనివన్నీ చేత్తో మూసేశాను. ఇక ఒక్క రకం మిగిలింది: ఆనపకాయ (కూరగాయ) (ఉత్తరాంధ్ర). B లోకి "కూరగాయ" వస్తోంది.

పాత పలక: మొదటి జత దగ్గరే ఆగుతుంది కాబట్టి అదే వస్తుంది. రెండో "(" ను పైన చెప్పినట్టే తర్వాతి చోటు నుంచి వెతకొచ్చు. అయితే అందరూ ప్రాంతాన్ని రెండో జతలోనే రాశారా?

పలుకుబడి: లేదండీ. కొందరు ముందే రాశారు.

గోదారి గట్టు: అవి నేను పంపినవే అయ్యుంటాయి. ప్రాంతం ముందు రాయడం నా అలవాటు. ఆ వరుసలు నాకు పంపండి, ఒక్కోటి చూసి చెబుతాను.