లోడ్ లైన్ గీయాలా, ఇటరేషన్ చేయాలా? ఒక డయోడ్ లెక్క మీద గొడవ

మూడో_సెమ్: 1.5 వోల్టుల సప్లై, సిరీస్‌లో 1 కిలో ఓం, ఒక డయోడ్. డయోడ్‌కి 0.7 వోల్టుల దగ్గర 1 మిల్లీ ఆంపియర్ అని, `nV_T` 25 మిల్లీవోల్టులని ఇచ్చారు. 0.7తో మొదలుపెట్టి ఎక్స్‌పొనెన్షియల్ సూత్రంతో ఇటరేషన్ చేస్తే కరెంటు కోట్ల ఆంపియర్లకు పోయింది. గ్రాఫ్ మీద లోడ్ లైన్ గీస్తే బుద్ధిగా 0.69 దగ్గర కలిసింది. అలాంటప్పుడు లోడ్ లైన్ ఒక్కటీ చాలదా?

ఎల్ఈడీ_పనివాడు: ఇంత తలనొప్పి ఎందుకు బ్రో. నేను 12 వోల్టులకి ఎర్ర ఎల్ఈడీ పెట్టాలంటే 2 వోల్టులు తీసేసి, మిగిలిన 10ని రెసిస్టర్‌తో భాగిస్తా. 470 ఓంలు పెడితే 21 మిల్లీ ఆంపియర్లు. ఇన్నేళ్లలో ఏదీ కాలిపోలేదు. లోడ్ లైనూ లేదు, ఇటరేషనూ లేదు.

మూడో_సెమ్: అన్నా, నాది 1.5 వోల్టుల సప్లై. అందులో సగం దాకా డయోడే తినేస్తోంది. పైగా పేపర్లో ఎక్స్‌పొనెన్షియల్ మోడల్‌తోనే చేయమన్నారు.

సిమ్_రాజా: నీ మొదటి అంచనా బాగాలేదు, అంతే. ఎక్స్‌పొనెన్షియల్ అంటే చాలా సున్నితం. గ్రాఫ్‌లో వచ్చిన 0.69తో మొదలుపెట్టు, కుదురుతుంది.

మూడో_సెమ్: పెట్టి చూశా. కరెంటు 0.67 మిల్లీ ఆంపియర్లు వచ్చింది, దాంతో డయోడ్ వోల్టేజ్ 0.83. దాన్ని మళ్లీ పెడితే 181 మిల్లీ ఆంపియర్లు. అంటే డయోడ్ మీద మైనస్ 180 వోల్టులు! ఇంకా అధ్వాన్నం.

పాత_ల్యాబ్: అంచనాలో తప్పేమీ లేదు బాబూ. మీరు తిరుగుతున్న దిశలో తప్పుంది. వోల్టేజ్ అనుకుని, ఎక్స్‌పొనెన్షియల్ నుంచి కరెంటు తీసి, దాన్ని రెసిస్టర్‌కి ఇస్తున్నారు. అసలు జవాబుకి నాలుగో అంకె వరకు సరిపోయే 0.6946 పెట్టి చూడండి. తర్వాత 0.6943, ఆ తర్వాత 0.705, ఇంకోసారి తిప్పితే 0.27. జవాబు చేతిలో ఉన్నా జారిపోతోంది.

కారణం ఇది. ఈ డయోడ్‌లో వోల్టేజ్ ఒక్క మిల్లీవోల్టు మారితే కరెంటు 4 శాతం మారుతుంది. మీ పాయింట్ దగ్గర డయోడ్ స్లోప్ రెసిస్టెన్స్ 25 మిల్లీవోల్టులను 0.805 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది, 31 ఓంలు. బయట ఉన్నది 1000 ఓంలు. మీ దిశలో ప్రతి చుట్టుకీ తప్పు 1000/31, అంటే సుమారు 32 రెట్లు పెరుగుతుంది. దిశ తిప్పితే అదే 32వ వంతుకు తగ్గుతుంది. ముందు రెసిస్టర్ నుంచి కరెంటు తీయండి, దాన్ని లాగ్‌లో పెట్టి వోల్టేజ్ తీయండి:

```
I = (1.5 - V) / 1k
V = 0.7 + 0.025 * ln(I / 1mA)

V = 0.7     ->  I = 0.8 mA
V = 0.6944  ->  I = 0.8056 mA
V = 0.6946  ->  I = 0.8054 mA
```

రెండు చుట్లలో పనైపోయింది. లాగ్ చాలా మొద్దు ఫంక్షన్. కరెంటులో 10 శాతం తప్పు చేసినా వోల్టేజ్‌లో రెండున్నర మిల్లీవోల్టులే కదులుతుంది. ఇక్కడ మనకు కావలసింది ఆ మొద్దుతనమే.

మూడో_సెమ్: వచ్చింది సార్! అంటే ఎప్పుడూ లాగ్ దిశలోనే చేయాలని గుర్తుపెట్టుకుంటే చాలా?

పాత_ల్యాబ్: చాలదు. అదే సర్క్యూట్‌లో సప్లైని 0.6 వోల్టులకు దించండి. V = 0.58 అనుకోండి. రెసిస్టర్ నుంచి 0.02 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, లాగ్ నుంచి 0.602 వోల్టులు. ఇది సప్లై కంటే ఎక్కువ కాబట్టి తర్వాతి కరెంటు మైనస్, దాని లాగ్ అడిగితే క్యాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది. ఇక్కడ అసలు జవాబు 0.5885 వోల్టులు. రెసిస్టర్ మీద పడేది 11.5 మిల్లీవోల్టులే. అది 25 కంటే తక్కువైనప్పుడు డయోడ్ స్లోప్ రెసిస్టెన్సే 1 కిలో ఓం కంటే పెద్దది. ఇక్కడ మీ మొదటి దిశే పనిచేస్తుంది: 0.58, 0.5918, 0.5868, 0.5892, 0.5881. అటూ ఇటూ ఊగుతూ, నెమ్మదిగా దగ్గరపడుతుంది.

గుర్తుపెట్టుకోవాలంటే ఇది చూడండి. రెసిస్టర్ మీద పడే వోల్టేజ్ `nV_T` కంటే బాగా ఎక్కువైతే లాగ్ దిశ, బాగా తక్కువైతే ఎక్స్‌పొనెన్షియల్ దిశ. రెండూ దాదాపు సమానమైతే ఏ దిశలో వెళ్లినా విసుగే. అప్పుడు పాత అంచనా, కొత్త జవాబు రెండింటి సగటు తీసుకుని ముందుకు వెళ్లండి.

గ్రాఫ్_పేపర్: చూశారా, ఇన్ని షరతులు! లోడ్ లైన్‌కి ఇవేవీ లేవు. అడ్డం అక్షం మీద 1.5 వోల్టులు, నిలువు అక్షం మీద 1.5 మిల్లీ ఆంపియర్లు గుర్తు పెట్టి గీత కలిపితే అయిపోయె. అసలు డయోడ్ సూత్రం తెలియక్కర్లేదు, డేటాషీట్‌లో ఉన్న కర్వ్ చాలు. ఎక్కువ కరెంటు దగ్గర డయోడ్ లోపలి సిరీస్ రెసిస్టెన్స్ వల్ల కర్వ్ వంగిపోతుంది. మీ 25 మిల్లీవోల్టుల సూత్రానికి ఆ సంగతి తెలియదు, కర్వ్‌కి తెలుసు. టనెల్ డయోడ్ తీసుకుంటే గీత కర్వ్‌ని మూడు చోట్ల తాకవచ్చు. ఇటరేషన్ చేసేవాడికి ఒకటి దొరికితే మిగతా రెండు ఉన్నాయన్న అనుమానం కూడా రాదు.

పాత_ల్యాబ్: టనెల్ డయోడ్ విషయంలో మీతో వాదన లేదు. ఈ సిలికాన్ డయోడ్‌లో మాత్రం కర్వ్ ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది, గీత దిగుతూనే ఉంటుంది. రెండూ ఒక్కచోటే కలుస్తాయి. అందుకని ఇటరేషన్ కుదిరిందంటే ఆ జవాబు సరైనదే. మీ గ్రాఫ్‌లో నేను అడిగిన 0.6 వోల్టుల సప్లై గీయండి. కరెంటు స్కేల్‌ని వంద రెట్లు పెంచితే తప్ప 0.0115 మిల్లీ ఆంపియర్లు కనపడదు.

సిమ్_రాజా: సిమ్యులేటర్ వాడితే ఈ దిశల గొడవే ఉండదు. స్పైస్ న్యూటన్ పద్ధతి వాడుతుంది, ప్రతి స్టెప్పులో కర్వ్‌కి టాంజెంట్ గీస్తుంది. నేను అంచనా ముఖ్యం అన్నది అందుకే.

పాత_ల్యాబ్: న్యూటన్‌కి అంచనా ముఖ్యమన్నది నిజమే. 1.5 వోల్టుల దగ్గర మొదలుపెడితే టాంజెంట్ దాదాపు నిట్టనిలువు, ఒక్కో స్టెప్పుకి 25 మిల్లీవోల్టులే దిగుతుంది. 0.8 వోల్టులు దిగడానికి 30 స్టెప్పుల పైనే పడుతుంది. తక్కువ నుంచి మొదలుపెడితే ఒక్క దూకులో చాలా పైకి పోయి, ఎక్స్‌పొనెన్షియల్ పేలిపోతుంది. అందుకే స్పైస్ లోపల జంక్షన్ వోల్టేజ్ ఒక్కసారిగా ఎక్కువ మారకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. మూడో_సెమ్ చేసింది మాత్రం న్యూటన్ కాదు, కాబట్టి మీ సలహా అక్కడ పనిచేయలేదు.

గ్రాఫ్_పేపర్: సరే, నాలుగు అంకెల జవాబు వచ్చింది. ఏం చేసుకుంటారు? అదే నంబర్ ఉన్న రెండు డయోడ్లు ఒకేలా ఉండవు. వేడెక్కితే ఒక్కో డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 10 డిగ్రీలకి 20 మిల్లీవోల్టులు, అంటే ఈ సర్క్యూట్‌లో 0.02 మిల్లీ ఆంపియర్ల తేడా. నా పెన్సిల్ గీతలో తప్పు కూడా అంతే.

ఎల్ఈడీ_పనివాడు: నేనూ అదే అంటున్నా! 0.7 అనుకుంటే 0.8 మిల్లీ ఆంపియర్లు. మీరంతా కలిసి తెచ్చింది 0.805.

పాత_ల్యాబ్: 1.5 వోల్టులకి మీ మాట ఒప్పుకుంటా. 0.6 వోల్టుల సప్లైకి కూడా 0.7 తీసేసి చూపించండి.

మూడో_సెమ్: సార్, పేపర్లో ఏ దిశ అని ఇవ్వకుండా "ఇటరేటివ్ మెథడ్" అని మాత్రమే ఉంది. గ్రాఫ్‌లో 0.69 చదివి, దాన్నే అంచనాగా పెట్టి లాగ్ దిశలో ఒక్క చుట్టు తిప్పితే 0.6947 వచ్చింది. రెండూ రాస్తే మార్కులు ఇస్తారా, లేక గ్రాఫ్ కొట్టేస్తారా?

గ్రాఫ్_పేపర్: నేను దిద్దితే ఇస్తా.

పాత_ల్యాబ్: నేనైతే రెండో చుట్టు కూడా రాయమంటా.