'కంటికి ఆనడం' సరే, 'చేతికి ఆనడం' అనవచ్చా?

లక్ష్మీదేవి (కర్నూలు):
మనవైపు 'కండ్లు ఆనవు', 'రాత మరీ చిన్నది, కంటికి ఆనడం లేదు' అంటాం కదా. డిగ్రీలో సైకాలజీ చదివే పిల్లలకు ప్రయోగాల నోట్సు తెలుగులో రాస్తున్నాను. రెండు బరువులు చేత్తో ఎత్తి చూసినప్పుడు, కనీసం ఎంత తేడా ఉంటే తెలుస్తుందో ఆ తేడాకు ఒక మాట కావాలి. పాత నోట్సులో 'భేద అవధి' అని ఉంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి రాస్తారు గాని, అదేందని అడిగితే నోరు విప్పరు. అందుకే 'ఆనేపాటి తేడా' అని రాశాను. ఆనడం అనే మాట కంటికేనా, చేతికీ చెవికీ కూడా మీ ఊర్లలో వాడతారా?

వెంకటేశు (కడప):
అక్కా, 'గడప' ఉండగా వేరే మాట ఎందుకు? తిరుమలకు తొలి గడప దేవుని కడప, మా ఊరి పేరే అక్కడినుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇవతల ఉన్నంతసేపు తెలీదు, గడప దాటితే తెలుస్తుంది. ఇంతకన్నా సూటిగా ఏ మాట చెబుతుంది?

మస్తాన్ వలి (ప్రొద్దుటూరు):
బంగారం అంగట్లో 'చేతికి ఆనడం' అనం, 'చేతికి తెలుస్తుంది' అంటాం. నా సంగతి చెబుతా. తులం గొలుసు, అంటే 10 గ్రాములది, దాంట్లో గ్రాము తగ్గితే చేతిలో వేసుకుంటూనే అనుమానం వస్తుంది. అదే 20 తులాల వడ్డాణంలో గ్రాము తగ్గితే నాకే కాదు, మా నాయనకు కూడా తెలీదు. కాటా మీద పెట్టాల్సిందే. అదే గ్రాము గదా, ఒకచోట తెలిసి ఇంకోచోట ఎందుకు తెలీదు?

హరిత (అనంతపురం):
అది వెబర్ సూత్రం అన్నా, మా కోచింగ్‌లో చెప్పినారు. తేడా ఎన్ని గ్రాములనేది ముఖ్యం కాదు, మొదటి బరువులో ఎన్నో వంతు అనేది ముఖ్యం. మీ గ్రాము తులంలో 10వ వంతు, వడ్డాణంలో 200వ వంతు. 50లో ఒక వంతు తేడా ఉంటే మనిషికి తెలుస్తుంది. బరువైనా వెలుతురైనా ఉప్పైనా అదే లెక్క.

ఓబులేసు (అనంతపురం):
హరితా, మొదటి సగం చక్కగా చెప్పినావమ్మా. చివరి వాక్యం మాత్రం తీసేయాలి. వంతు లెక్క దాదాపు అన్ని ఇంద్రియాలకూ ఉంటుంది, కానీ ఆ వంతు అన్నింటికీ ఒకటి కాదు. ఎత్తే బరువుకు 40వ వంతో 50వ వంతో వస్తుంది. ఉప్పు రుచికి ఇంకా పెద్ద తేడా కావాలి.

ఎర్నెస్ట్ వెబర్ జర్మనీలో లైప్‌జిగ్‌లో ఉండేవాడు. 1834లో అచ్చయిన తన పుస్తకంలో ఇంకో గమ్మత్తు చెప్పాడు. చెయ్యి బల్లమీద ఆనించి, బరువులు అరచేతిలో ఊరికే పెడితే తేడా పట్టుకోవడం కష్టం. అవే బరువులు ఎత్తి చూస్తే చాలా చిన్న తేడా కూడా పట్టుబడుతుంది. ఎత్తేటప్పుడు చర్మంతో పాటు కండరాలూ పని చేస్తాయి. మస్తాన్ కూడా గొలుసును అరచేతిలో కొంచెం ఎగరేసి చూస్తాడు గదా, అందుకే.

ఇక వెంకటేశు చెప్పిన గడప. మాట బాగుంది. కానీ గడప అనగానే ఒక గీత కళ్లముందు నిలుస్తుంది. నేను ఏండ్ల తరబడి పిల్లలచేత ఈ ప్రయోగం చేయించాను, అట్లాంటి గీత ఎవరి చేతిలోనూ కనబడలేదు.

వెంకటేశు (కడప):
గీత లేకుంటే కొలిచేది దేన్ని సార్?

ఓబులేసు (అనంతపురం):
ప్రయోగం చెబుతా, నీకే తెలుస్తుంది.

ఒకే సైజు, ఒకే రంగు ప్లాస్టిక్ డబ్బాలు ఐదు తీసుకో. ఇసుక పోసి, డబ్బాతో కలిపి 188, 194, 200, 206, 212 గ్రాములు చెయ్. ఇసుక కదలకుండా పైన దూది కుక్కాలి, లేకుంటే చప్పుడును బట్టి డబ్బాను గుర్తుపడతారు. ఇంకో 200 గ్రాముల డబ్బా పోల్చడానికి వేరేగా ఉంచు. మనిషికి కండ్లకు గంతలు కట్టి, ముందు ఒకటి, తర్వాత ఒకటి, ఒకే ఎత్తుకు ఎత్తించు. 'రెండింట్లో ఏది బరువు?' అని మాత్రమే అడగాలి. 'రెండూ సమానం' అనే జవాబు ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే, జంకే పిల్లలు ప్రతిసారీ సమానం అంటారు, వాళ్ల చెయ్యి మొద్దుదని మనం తప్పు లెక్క కడతాం. నిజానికి మొద్దుబారింది చెయ్యి కాదు, తెగించి చెప్పడానికి భయం.

ఒక్కో డబ్బాను 20 సార్లు, వరస లేకుండా కలగాపులగంగా ఇవ్వు. ఫలితం ఇట్లా వచ్చిందనుకో: 188ని 'ఇదే బరువు' అన్నది 2 సార్లు, 194ని 5 సార్లు, 200ని 10 సార్లు, 206ని 15 సార్లు, 212ని 18 సార్లు. చూడు, 206 దగ్గర ఆరు గ్రాముల తేడా ఉంది. 15 సార్లు సరిగ్గా చెప్పినాడు, 5 సార్లు తప్పినాడు. అదే చెయ్యి, అదే డబ్బా. మరి ఆరు గ్రాములు గడపకు ఇవతలా, అవతలా?

అందుకే నూటికి 75 సార్లు సరిగ్గా చెప్పగలిగిన తేడాను తీసుకుని, దాన్నే కొలతగా పెట్టుకుంటాం. ఇక్కడ అది 6 గ్రాములు, 200లో నూటికి 3 వంతులు. 75 అనేది మనం ఒప్పుకున్న అంకె, చేతిలో ఉన్న గీత కాదు.

లక్ష్మీదేవి (కర్నూలు):
సార్, మా పిల్లలతో మామూలుగా చేయించేది తేడాను కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయే పద్ధతి. త్వరగా అయిపోతుంది. అందులో తప్పేముంది?

ఓబులేసు (అనంతపురం):
తప్పు లేదు మేడం, ఒక జాగ్రత్త కావాలి. పెంచుకుంటూ పోతుంటే కొందరు అలవాటుగా 'తెలీలేదు, తెలీలేదు' అని తెలిసిన తర్వాత కూడా అంటూ పోతారు. ఇంకొందరు 'ఈపాటికి మారి ఉంటుందిలే' అని ముందే చెప్పేస్తారు. అందుకే ఒకసారి పెంచుతూ, ఒకసారి తగ్గిస్తూ, ప్రతిసారీ వేరే చోట మొదలుపెట్టి సగటు తీయాలి.

ఏ పద్ధతిలోనైనా ఇంకోటి చూడాలి. రెండు డబ్బాలూ సమానంగా ఉన్నా, రెండోసారి ఎత్తిందే బరువు అనే మొగ్గు చాలామందిలో ఉంటుంది. అందుకే 20 సార్లలో 10 సార్లు పోల్చే డబ్బాను ముందు, 10 సార్లు తర్వాత ఇవ్వాలి. 200 గ్రాముల డబ్బాను 200తోనే పోల్చినప్పుడు 10కి బదులు 16 సార్లు 'ఇదే బరువు' అని వచ్చిందంటే, ఈ వరస మార్చే పని ఎవరో మరిచారని పట్టుకోవచ్చు.

మస్తాన్ వలి (ప్రొద్దుటూరు):
అయితే నా తులం గొలుసు లెక్క కూడా ప్రయోగం కిందికి వస్తుందా సార్?

ఓబులేసు (అనంతపురం):
అట్లే రాదు మస్తాన్. నువ్వు గొలుసును కంటితో చూస్తూ ఎత్తుతావు. కన్ను చేతికి ముందే చెప్పేస్తుంది. రెండు వస్తువులు సమానమైన బరువున్నా, పెద్దగా కనబడేది చేతికి తేలికగా అనిపిస్తుంది. బోలు నగ ఎత్తినప్పుడు నీకు తెలిసే ఉంటుంది. డబ్బాలన్నీ ఒకే సైజు పెట్టమన్నది దీనికోసమే. ఇంకోటి, మరీ చిన్న బరువుల్లో సూత్రం పట్టు సడలుతుంది. 200 గ్రాములకు నూటికి 3 వంతులు వచ్చిన చెయ్యి, 400 దగ్గర 12 గ్రాముల తేడాను దాదాపు అంతే బాగా పట్టుకుంటుంది. కానీ 5 గ్రాముల దగ్గర 0.15 గ్రాము పట్టుకుంటుందని చెప్పలేం. అక్కడ వంతు పెద్దదవుతుంది. ఎత్తేటప్పుడు మన చేతి బరువు కూడా దాంతోపాటే ఎత్తుతున్నాం గదా, అదొక కారణమని అంటారు.

నాగమణి (ఆదోని):
నేను ప్రశ్న సరిగా అర్థం చేసుకున్నానో లేదో తెలీదు. మా అమ్మకు కండ్లు ఆనవు, శుక్లాలని డాక్టరు చెప్పినాడు. ఎండలో బయటికి పోతే మెట్లు కూడా కనబడవంటుంది. సాయంత్రం నీడపట్టున బాగానే నడుస్తుంది. వెలుతురు ఎక్కువైతే బాగా కనబడాలి గదా?

లక్ష్మీదేవి (కర్నూలు):
నాగమణీ, నేను అడిగింది మాట గురించి. కానీ నీ ప్రశ్న నోట్సులో వెలుతురు పాఠానికి సరిపోయేలా ఉంది. ఓబులేసు సార్ చెబితే బాగుంటుంది.

ఓబులేసు (అనంతపురం):
వెబర్ కన్నా ముందే వెలుతురులో ఈ లెక్క చూసినవాడు ఫ్రాన్సుకు చెందిన బూగే. ఆయన పుస్తకం 1760లో వచ్చింది. తెల్లటి తెర ముందు ఒక కొవ్వొత్తి, ఒక అడుగు దూరంలో అనుకుందాం. ఇంకో కొవ్వొత్తి దూరంగా, దాని ముందు ఒక పుల్ల. దూరపు కొవ్వొత్తి వల్ల పుల్ల నీడ తెరమీద పడుతుంది. ఆ నీడలో దగ్గరి కొవ్వొత్తి వెలుగు ఒక్కటే ఉంటుంది, చుట్టూ రెండు వెలుగులూ ఉంటాయి. అంటే నీడకూ చుట్టుపక్కలకూ తేడా దూరపు కొవ్వొత్తి ఇచ్చే వెలుగే. దాన్ని వెనక్కి జరుపుతూ పోతే ఒకచోట నీడ మాయమవుతుంది. 8 రెట్ల దూరం పోయేసరికి ఆయనకు నీడ కనబడలేదు. 8 రెట్ల దూరానికి వెలుగు 64వ వంతు అవుతుంది. అంటే అంత చిన్న తేడా కంటికి ఆనలేదు. ఇక్కడ 'ఆనలేదు' అనే మాట ఎంత బాగా కూర్చుందో చూడండి లక్ష్మీదేవి గారూ.

పగలు చుక్కలు కనబడకపోవడం కూడా ఇదే. చుక్క వెలుగు తగ్గలేదు, ఆకాశం వెలుగులో దాని వంతు తగ్గింది. దీన్ని తిరగేసి చూసినవాడు, వెబర్ తర్వాత వచ్చిన జర్మనీ శాస్త్రవేత్త ఫెక్నర్. లేత మబ్బుల్లో అతికష్టం మీద కనబడే తేడాను ముదురు రంగు అద్దం గుండా చూశాడు. వెలుగు బాగా తగ్గినా ఆ తేడా కనబడుతూనే ఉంది, ఎందుకంటే అద్దం రెండింటినీ ఒకే వంతున తగ్గిస్తుంది. అయితే చీకటి బాగా ముదిరితే ఈ లెక్క నిలవదు, అప్పుడు తేడా ఇంకా పెద్దదిగా ఉండాలి.

నాగమణమ్మా, శుక్లం ఉన్న కంట్లోకి ఎండ పడితే అది చెదిరి, చూసేదంతటి మీదా తెల్లటి పొర పరిచినట్లు అవుతుంది. మెట్టు అంచుకూ మెట్టుకూ మధ్య ఉన్న తేడా అంతే ఉంటుంది, చెదిరిన వెలుగు మాత్రం రెండింటికీ సమానంగా వచ్చి కలుస్తుంది. వంతు తగ్గిపోయి అంచు ఆనదు. నీడపట్టున ఆ చెదురు వెలుగు తక్కువ. మీ అమ్మకు మెట్ల అంచులకు ముదురు రంగు పట్టీ వేయించండి, ఆపరేషన్ సంగతి డాక్టరుతో మాట్లాడండి.

హరిత (అనంతపురం):
సార్, అయితే 'బరువు రెట్టింపు అయితే మనకు అనిపించే బరువు కూడా రెట్టింపు కాదు, లాగరిథం లెక్కన పెరుగుతుంది' అన్నది కూడా వెబర్ చెప్పిందేనా? మా నోట్సులో వెబర్ సూత్రం కిందనే రాసినారు.

ఓబులేసు (అనంతపురం):
అది ఫెక్నర్ 1860లో కట్టిన లెక్క. ఆనేపాటి తేడాలన్నీ మనసుకు సమానమని అనుకుంటేనే అది నిలుస్తుంది. వెబర్ తేడా తెలుస్తుందా లేదా అన్నంతవరకే చెప్పాడు. ఆ అనుకోలు సరైందేనా అని చాలామంది గట్టిగా అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. పరీక్షలో రెండూ వేరేగా రాయి.

వెంకటేశు (కడప):
75 సార్ల లెక్క అర్థమయింది సార్. ఐనా గడపను వదలబుద్ధి కావడం లేదు. 'గడప' అని రాసి, కింద ఈ డబ్బాల పట్టిక పెడితే సరిపోదా?

లక్ష్మీదేవి (కర్నూలు):
పట్టిక ఎట్లాగూ పెడతాను వెంకటేశూ. పాఠం పేరు 'ఆనేపాటి తేడా' అనే ఉంచుతున్నాను, పరీక్షలో అడుగుతారు గనక 'భేద అవధి' కూడా పక్కన ఉంటుంది. కానీ మస్తాన్ చెప్పినట్లు ప్రొద్దుటూరులో చేతికి 'తెలుస్తుంది' అంటే, బరువుల ప్రయోగంలో 'ఆనింది' అని రాయాలా 'తెలిసింది' అని రాయాలా తేల్చుకోలేకున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డ, హిందూపురం వైపు వాళ్లు చెప్పండి: సంచి ఎత్తి చూసి 'తేడా చేతికి ఆనలేదు' అనే మాట మీ ఇళ్లలో ఎవరైనా అనగా విన్నారా?